స్టేట్ ఎన్‌కోడింగ్: బైనరీ, వన్-హాట్, గ్రేలలో గ్లిచ్ ఎక్కడ పుడుతుంది?

ప్రశ్న: సార్, నేను తిరుపతిలో ఈసీఈ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టులో 8 స్టేట్‌ల కంట్రోలర్ ఒకటి ఉంది, బోర్డు మీద ఆర్టిక్స్-7 ఎఫ్‌పీజీఏ. బైనరీ, వన్-హాట్, గ్రేలలో ఏది వేగం, ఏది తక్కువ ఏరియా? గ్రే కోడ్ వాడితే గ్లిచ్‌లు అసలు రావని మా ల్యాబ్‌లో అంటున్నారు, నిజమేనా?

సమాధానం:

మీ పరిమాణంలో, అంటే 8 స్టేట్‌లు, ఆర్టిక్స్-7, 100 మెగాహెర్ట్జ్ దగ్గర, వేగంలోగానీ ఏరియాలోగానీ ఈ మూడింటికీ మీరు కొలిచి చూపగలిగినంత తేడా రాదు. ఎన్‌కోడింగ్‌ను టూల్‌కే వదిలేయండి. గ్లిచ్ విషయంలో మీరు విన్నది సగమే నిజం. గ్రే కోడ్ కొన్ని గ్లిచ్‌లను తప్పిస్తుంది, కానీ మీ స్టేట్ డయాగ్రమ్ అందుకు ఒప్పుకున్నప్పుడు మాత్రమే. చిప్ బయటికి వెళ్లే కంట్రోల్ సిగ్నల్‌కు గ్లిచ్ రాకూడదంటే ఎన్‌కోడింగ్ మార్చడం కాదు, ఆ సిగ్నల్‌ను నేరుగా ఒక ఫ్లిప్‌ఫ్లాప్ నుంచి పంపాలి. ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు, ఒకసారి బాగా దెబ్బ తిని నేర్చుకున్నాను. ఆ సంగతే వివరంగా రాస్తాను, ఎందుకంటే అందులోని స్టేట్ మెషీన్‌కు కూడా సరిగ్గా 8 స్టేట్‌లే ఉండేవి.

కొన్నేళ్ల క్రితం చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి ఉష్ణోగ్రత రికార్డర్ చేసి ఇచ్చాను. తోతాపురి కాయ దిగే రోజుల్లో వాళ్ల లైన్ రాత్రింబవళ్లు నడుస్తుంది. గుజ్జును వేడి చేసే గొట్టం దగ్గర ఉష్ణోగ్రతను 2 సెకన్లకు ఒకసారి కొలిచి, బయట ఉన్న అసింక్రనస్ ఎస్‌రామ్‌లో ఒక్కో కొలతను ఒక్కో అడ్రస్‌లో రాసి, షిఫ్ట్ ముగిశాక కంప్యూటర్‌కు పంపడం ఆ పెట్టె పని. క్లాక్ 50 మెగాహెర్ట్జ్, అంటే ఒక్కో స్టేట్‌కు కనీసం 20 నానోసెకన్లు. స్టేట్‌లు, వాటికి నేను ఇచ్చిన బైనరీ కోడ్‌లు, పక్కన అదే వరుసకు రాగల గ్రే కోడ్‌లు ఇవి:

```
స్టేట్     బైనరీ   గ్రే
IDLE     000     000
CONV     001     001
WAIT     010     011
READ     011     010
ADDR     100     110
WRITE    101     111
HOLD     110     101
NEXT     111     100
```

CONV లో ఏడీసీకి కొలత మొదలుపెట్టమని చెప్తుంది, WAIT లో ఏడీసీ పని ముగిసేదాకా ఆగుతుంది, READ లో డేటాను రిజిస్టర్‌లోకి తీసుకుంటుంది. ADDR లో అడ్రస్, డేటా ఎస్‌రామ్ పిన్నుల మీద కుదురుకుంటాయి, WRITE లో ఎస్‌రామ్‌ను రాయమని చెప్పే we_n సిగ్నల్ కిందికి దిగుతుంది, HOLD లో we_n పైకి వచ్చినా అడ్రస్ కదలకుండా ఉంటుంది. NEXT నుంచి బయటికి వచ్చే క్లాక్ అంచు మీద అడ్రస్ కౌంటర్ ఒకటి పెరుగుతుంది, మెషీన్ IDLE కు వెళ్తుంది. we_n ను నేను ఇలా రాశాను:

```verilog
assign we_n = ~(state == WRITE);
```

చూడటానికి ఇందులో తప్పేమీ లేదు. సిమ్యులేషన్‌లో వేలాది రికార్డులు సరిగ్గా పడ్డాయి. ఫ్యాక్టరీలో పెట్టిన వారానికి ఫిర్యాదు వచ్చింది: గ్రాఫ్ అంతా 95 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండగా మధ్యలో ఒకే ఒక్క చోట 71 కనిపిస్తోంది. సెన్సార్ వైరు వదులైందేమోనని మొదట అందరూ వైర్లు బిగించారు, షీల్డ్ మార్చారు. ఏమీ మారలేదు.

కేసు తెగింది ఆ 71 ను జాగ్రత్తగా చూసినప్పుడు. అది ఏదో పిచ్చి అంకె కాదు. 0x0700 అడ్రస్‌లో ఉన్న ఆ అంకె, దానికి 255 రికార్డుల తర్వాతిదైన 0x07FF లో ఉన్న అంకెతో చివరి బిట్ వరకు సమానం. రెండు సెకన్లకు ఒకటి చొప్పున 255 రికార్డులంటే ఎనిమిదిన్నర నిమిషాలు. అప్పటికి లైన్ ఆపి నీళ్లతో కడుగుతున్నారు, కాబట్టి 71 నిజమైన కొలతే, అయితే అది పడవలసిన చోటుతో పాటు పడకూడని ఇంకో చోట కూడా పడింది. వైరు వదులైతే చెత్త అంకె వస్తుంది, ముందు ముందు రాబోయే కొలత వెనక్కి వచ్చి కూర్చోదు. అంటే ఎస్‌రామ్‌లో మనం అడగని రాత ఒకటి జరుగుతోంది.

ఇప్పుడు NEXT నుంచి IDLE కు వెళ్లే అంచును చూడండి. బైనరీలో 111 నుంచి 000, మూడు బిట్లూ ఒకేసారి మారాలి. మూడు ఫ్లిప్‌ఫ్లాప్‌లకూ ఒకే క్లాక్ ఇచ్చినా, వాటి ఔట్‌పుట్‌లు we_n ను లెక్కగట్టే లుకప్ టేబుల్, అంటే లట్ దగ్గరికి వేర్వేరు పొడవుల వైర్ల మీద వస్తాయి. వాటిలో మధ్య బిట్ ముందుగా చేరితే ఆ లట్‌కు క్షణకాలం కనిపించేది 101, అంటే WRITE. మిగతా రెండు బిట్లు కూడా వచ్చేసరికి అది 000 అవుతుంది. ఈ మధ్యలో we_n ఒక సన్నని పల్స్‌గా కిందికి దిగి పైకి వస్తుంది. గ్లిచ్ అంటే ఇదే.

ఆ పల్స్ ప్రతి రికార్డుకూ వస్తూనే ఉండాలి, మరి తప్పు ఎప్పుడో ఒకసారే ఎందుకు కనిపించింది? ఇక్కడే అసలు మెలిక ఉంది. అదే అంచు మీద అడ్రస్ కూడా మారుతోంది. గ్లిచ్ సమయంలో ఎస్‌రామ్ పాత అడ్రస్‌ను చూస్తే, అక్కడ ఇప్పటికే ఉన్న డేటానే మళ్లీ పడుతుంది, నష్టం లేదు. కొత్త అడ్రస్‌ను చూస్తే, తర్వాతి కొలత ఎలాగూ దాని మీద రాస్తుంది, అప్పుడూ నష్టం లేదు. రెంటికీ మధ్య ఉన్న కలగాపులగపు అడ్రస్‌ను చూస్తేనే ప్రమాదం. 5 నుంచి 6 కు మారేటప్పుడు, అంటే 101 నుంచి 110 కు, మధ్యలో 100 కనిపించవచ్చు. అప్పుడు 4వ రికార్డు మీద 5వ రికార్డు విలువ పడుతుంది, కానీ రెండు సెకన్ల తేడాలో ఉష్ణోగ్రత దాదాపు మారదు కాబట్టి ఎవరి కంటా పడదు. 0x07FF నుంచి 0x0800 కు మారేటప్పుడు మాత్రం 12 బిట్లు కదులుతాయి. కింది 8 బిట్లు ముందుగా సున్నా అయితే ఎస్‌రామ్‌కు కనిపించేది 0x0700, అక్కడున్నది ఎనిమిదిన్నర నిమిషాల క్రితపు రికార్డు. అంటే మా పెట్టె మొదటి రోజు నుంచీ రికార్డులను పాడు చేస్తూనే ఉండి ఉండాలి. పక్కపక్కనే ఉన్న అంకెలు దాదాపు ఒకటే కావడంతో తప్పు దాక్కుంది.

ఎస్‌రామ్ డేటాషీట్‌లో రైట్ పల్స్ కనిష్ఠం 8 నానోసెకన్లు అని ఉంది కదా, రెండు మూడు నానోసెకన్ల గ్లిచ్‌కు అది ఎలా రాస్తుంది అని అడగవచ్చు. నేనూ మొదట అదే అనుకున్నాను. ఆ అంకె ఇచ్చే హామీ ఒకవైపుదే: 8 నానోసెకన్లు ఉంచితే రాత తప్పక జరుగుతుందని మాత్రమే. అంతకన్నా తక్కువైతే రాయదని తయారీదారు ఎక్కడా మాట ఇవ్వలేదు.

ఇలాంటి తప్పును మామూలు పనిముట్లతో పట్టుకోవడం కష్టం. ఆర్‌టీఎల్ సిమ్యులేషన్‌లో మూడు బిట్లూ ఒకే క్షణంలో మారతాయి కాబట్టి గ్లిచ్ ఉండదు. చిప్ లోపల పెట్టే లాజిక్ ఎనలైజర్ క్లాక్ అంచుల మీదే శాంపిల్ తీసుకుంటుంది, గ్లిచ్ వచ్చేది రెండు అంచుల మధ్య, కాబట్టి అందులోనూ కనిపించదు. మా దగ్గరున్న 100 మెగాహెర్ట్జ్ స్కోప్‌లో అది గీతలో చిన్న వంపులా కనిపించి మాయమైంది. చివరికి నేను చేసింది చాలా మొరటు పద్ధతి: we_n పిన్ను నుంచి ఒక వైరును వెనక్కి తెచ్చి చిప్‌లోని మరో కౌంటర్‌కు క్లాక్‌గా ఇచ్చి, పడే అంచులను లెక్కపెట్టించాను. రాతల సంఖ్య, రికార్డుల సంఖ్య సమానంగా ఉండాలి. లేవు, రాతలే ఎక్కువ. డిజైన్‌లో సంబంధం లేని ఒక ఎల్‌ఈడీ కోడ్ మార్చి మళ్లీ బిల్డ్ చేస్తే ఆ తేడా పూర్తిగా పోయింది, ఇంకోసారి బిల్డ్ చేస్తే తిరిగి వచ్చింది. ప్లేస్‌మెంట్ మారినప్పుడల్లా వైర్ల పొడవు మారి, మూడు బిట్లలో ఏది ముందు చేరుతుందో కూడా మారుతుంది. కోడ్ ముట్టుకోకుండానే తప్పు వస్తూ పోతూ ఉంటే అనుమానించవలసిన వాటిలో ఇది ముందు వరుసలో ఉంటుంది. సింక్రనైజర్ లేని ఇన్‌పుట్, టైమింగ్ కన్‌స్ట్రెయింట్ లేని దారి కూడా ఇదే లక్షణం చూపిస్తాయని మరవకండి.

ఇప్పుడు మీ గ్రే ప్రశ్నకు వద్దాం. పై పట్టికలో గ్రే వరుస చూడండి. ప్రతి అడుగుకూ ఒకే బిట్ మారుతుంది, చివరి 100 నుంచి మొదటి 000 కు కూడా ఒకే బిట్. WRITE కోడ్ 111. NEXT నుంచి IDLE కు వెళ్లేటప్పుడు 111 కనిపించే దారే లేదు, కాబట్టి ఆ గ్లిచ్ పుట్టదు. మూడు బిట్లను ఒకే లట్‌లో డీకోడ్ చేస్తే, ఒక ఇన్‌పుట్ మాత్రమే మారినప్పుడు ఆ లట్ ఔట్‌పుట్ గ్లిచ్ చేయదు. ఇక్కడి దాకా మీ ల్యాబ్‌లో చెప్పింది నిజమే. కానీ డీకోడ్ రెండు మూడు లట్‌లుగా విడిపోయి ఒకే బిట్ రెండు దారుల్లో వెళ్లి మళ్లీ కలిస్తే, ఒక్క బిట్ మార్పుకు కూడా గ్లిచ్ రావచ్చు. ఔట్‌పుట్ లెక్కలో స్టేట్‌తో పాటు బయటి ఇన్‌పుట్ కూడా ఉంటే, ఆ ఇన్‌పుట్ ఎప్పుడు కదిలితే అప్పుడు ఔట్‌పుట్ కదులుతుంది, దానికి గ్రే కోడ్ చేయగలిగింది ఏమీ లేదు.

అంతకన్నా పెద్ద అడ్డంకి డయాగ్రమ్ ఆకారంలోనే ఉంది. ఫ్యాక్టరీ వాళ్లు తర్వాత రెండు మార్పులు అడిగారు. ఒకటి, ఉష్ణోగ్రత ముందటి దానితో సమానమైతే రాయకుండా READ నుంచి నేరుగా IDLE కు వెళ్లాలి. గ్రేలో 010 నుంచి 000, ఒకే బిట్, అదృష్టం కొద్దీ సరిపోయింది. రెండోది, ఏడీసీ ఎంతసేపటికీ స్పందించకపోతే WAIT నుంచి IDLE కు తిరిగి రావాలి. ఇది 011 నుంచి 000, రెండు బిట్లు. కోడ్‌లు అటూ ఇటూ మార్చి ఏదోలా ఒక బిట్‌కు తేవచ్చని ఒక సాయంత్రమంతా కాగితం మీద కుస్తీ పట్టాను. రాదు, వచ్చే వీలు కూడా లేదు. IDLE నుంచి CONV, అక్కడి నుంచి WAIT, మళ్లీ IDLE, ఇది మూడు అడుగుల చుట్టు. ప్రతి అడుగుకూ ఒకే బిట్ మారుతూ బయల్దేరిన కోడ్‌కే తిరిగి రావాలంటే, మారిన ప్రతి బిట్టూ మళ్లీ వెనక్కి మారాలి, కాబట్టి మొత్తం అడుగులు సరి సంఖ్యే కావాలి. స్టేట్ డయాగ్రమ్‌లో బేసి సంఖ్య అడుగుల చుట్టు ఒక్కటి ఉన్నా, ఎన్ని బిట్లు వాడినా దానికి పూర్తి గ్రే ఎన్‌కోడింగ్ ఉండదు. ఒకే స్టేట్‌లో ఆగి ఉండటం ఈ లెక్కలోకి రాదు. దారి మధ్యలో పనిలేని స్టేట్ ఒకటి కలిపి చుట్టును సరి చేయవచ్చు, కానీ 3 బిట్లలో 8 కోడ్‌లూ అప్పటికే అయిపోయాయి, నాలుగో బిట్ కావాలి. ఇంకో పరిమితి కూడా గుర్తుంచుకోండి: 3 బిట్ల కోడ్‌కు ఒక్క బిట్ తేడాతో ఉండే పొరుగు కోడ్‌లు మూడే, కాబట్టి ఒక స్టేట్‌కు నాలుగు వేర్వేరు స్టేట్‌లతో రాకపోకలు ఉంటే 3 బిట్లలో కథ అక్కడితో ముగిసినట్టే.

ఆ రెండు బిట్ల అడుగును అలాగే ఉంచితే ఏమవుతుందో కూడా చూడండి. 011 నుంచి 000 కు వెళ్లేటప్పుడు మధ్యలో 001 గానీ 010 గానీ కనిపించవచ్చు. 111 రాదు కాబట్టి ఎస్‌రామ్‌కు భయం లేదు. కానీ 001 అంటే CONV, అంటే ఏడీసీకి మనం అడగని కొలత మొదలుపెట్టమనే పల్స్ వెళ్తుంది. గ్లిచ్ పోలేదు, ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకు కాపురం మార్చింది, అంతే. READ కోడ్ అయిన 010 క్షణకాలం కనిపించినా నష్టం లేదు, ఎందుకంటే READ సిగ్నల్ చిప్ లోపలే ఒక రిజిస్టర్‌కు ఎనేబుల్‌గా వెళ్తోంది, ఆ రిజిస్టర్ తర్వాతి క్లాక్ అంచు వచ్చినప్పుడే దాన్ని చూస్తుంది, అప్పటికి అంతా కుదురుకుని ఉంటుంది. ఈ తేడాను గట్టిగా పట్టుకోండి. అదే క్లాక్ మీద నడిచే ఫ్లిప్‌ఫ్లాప్ డేటా లేదా ఎనేబుల్ పిన్నుకు వెళ్లే సిగ్నల్‌లో గ్లిచ్ ఉన్నా, టైమింగ్ కుదిరినంతకాలం దిగులు లేదు. అసింక్రనస్ మెమరీ రైట్ పిన్ను, అసింక్రనస్ రీసెట్, లాచ్ ఎనేబుల్, ఇంకో ఫ్లిప్‌ఫ్లాప్‌కు క్లాక్, బయటి చిప్‌కు స్టార్ట్ పల్స్, ఇలాంటి వాటికి వెళ్లే సిగ్నల్‌లో ఒక్క గ్లిచ్ చాలు.

వన్-హాట్‌లో ఇదే మెషీన్‌కు 8 ఫ్లిప్‌ఫ్లాప్‌లు, ఏ సమయంలోనైనా ఒక్కటే 1. ప్రతి అడుగుకూ రెండు బిట్లు మారతాయి: పాతది దిగుతుంది, కొత్తది లేస్తుంది. WRITE అనే స్టేట్‌కు తనదైన ఫ్లిప్‌ఫ్లాప్ ఉంది, NEXT నుంచి IDLE కు వెళ్లేటప్పుడు అది కదలనే కదలదు, కాబట్టి మా రోగం వన్-హాట్‌లో వచ్చేది కాదు. అందుకే చాలామంది వన్-హాట్‌లో గ్లిచ్‌లు రావని తేల్చేస్తారు. ఔట్‌పుట్ ఒక్క స్టేట్‌కే చెందినంతవరకే అది నిజం. నెమ్మదిగా నడిచే ఎస్‌రామ్ పెట్టి, రాతను WRITE1, WRITE2 అని రెండు స్టేట్‌లుగా సాగదీశామనుకోండి. అప్పుడు రైట్ సిగ్నల్ ఆ రెండు బిట్ల ఆర్. మొదటిది దిగడం, రెండోది లేవడం కంటే ముందు చేరితే, నడుమ రెండూ సున్నాగా కనిపించి, రాస్తుండగానే we_n ఒక్కసారి పైకి లేచి దిగుతుంది. ఒక్క పొడవైన రాత రెండు పొట్టి రాతలుగా విరిగిపోతుంది, వాటిలో ఏదీ డేటాషీట్ అడిగిన నిడివి లేకపోవచ్చు.

వేగం, ఏరియాల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, కానీ కారణం తెలిసి ఉండాలి. ఆర్టిక్స్-7 లో ఒక లట్ 6 ఇన్‌పుట్‌ల ఏ ఫంక్షన్‌నైనా చేయగలదు. 40 స్టేట్‌ల మెషీన్‌ను బైనరీలో రాస్తే 6 స్టేట్ బిట్లు కావాలి. ఇప్పుడు ఏ స్టేట్‌లో ఉన్నామో తెలుసుకోవడానికే ఒక లట్ ఇన్‌పుట్‌లన్నీ అయిపోతాయి, షరతులు చూడాలంటే ఇంకో లెవెల్ లాజిక్, ఒక్కోసారి రెండు లెవెల్‌లు అవసరమవుతాయి. వన్-హాట్‌లో ఒక స్టేట్ బిట్ లెక్కగట్టడానికి, దానిలోకి వచ్చే రెండు మూడు స్టేట్‌లను, వాటి షరతులను చూస్తే సరిపోతుంది, తరచుగా ఒక్క లట్‌లో పని అయిపోతుంది. -1 స్పీడ్ గ్రేడ్ టైమింగ్ రిపోర్టులో ఒక లట్ ఆలస్యం 0.124 నానోసెకన్లుగా కనిపిస్తుంది, కానీ దాని దగ్గరికి వచ్చే వైరు ఆలస్యం సాధారణంగా దానికి కొన్ని రెట్లు ఉంటుంది. అందుకే లెవెల్ తగ్గితే లాభం లట్ దగ్గర కన్నా వైరు దగ్గరే ఎక్కువ. దీనికీ ఒక మినహాయింపు ఉంది. ఇరవై స్టేట్‌ల నుంచి దారులు వచ్చి పడే ERROR లాంటి స్టేట్ ఉంటే, వన్-హాట్‌లో దాని బిట్‌కు పెద్ద ఆర్ కావాలి, మెషీన్ మొత్తంలో నెమ్మదైన దారి అదే అవుతుంది.

మా 8 స్టేట్‌ల మెషీన్‌ను లెక్కేయండి. వన్-హాట్‌లో IDLE బిట్ IDLE, WAIT, READ, NEXT అనే నాలుగు స్టేట్ బిట్లను, కొత్త కొలత అడిగారా, టైమ్ అయిపోయిందా, విలువ సమానమా అనే మూడు షరతులను చూడాలి, మొత్తం 7 ఇన్‌పుట్‌లు. బైనరీలో ఏ బిట్‌కైనా 3 స్టేట్ బిట్లు, ఏడీసీ బిజీతో కలిపి గరిష్ఠంగా 4 షరతులు, మళ్లీ 7. తేడా ఎక్కడుంది? ఫ్లిప్‌ఫ్లాప్‌ల లెక్కలో 5 ఎక్కువ, అంతే. మీ చిప్ 35టీ అయితే అందులో లట్‌లు 20,800, ఫ్లిప్‌ఫ్లాప్‌లు వాటికి రెట్టింపు, 41,600. ఐదు ఫ్లిప్‌ఫ్లాప్‌ల కోసం బెంగపడనవసరం లేదు. ఏసిక్‌లో లెక్క వేరు, అక్కడ ప్రతి ఫ్లిప్‌ఫ్లాప్ చాలా గేట్ల స్థలం తింటుంది, క్లాక్ ట్రీకి బరువవుతుంది, అందుకే అక్కడ బైనరీకి గిరాకీ ఎక్కువ.

ఇక మా పెట్టెకు చేసిన మరమ్మతు. ఎన్‌కోడింగ్ ముట్టుకోలేదు, we_n కు సొంత ఫ్లిప్‌ఫ్లాప్ ఇచ్చాను:

```verilog
(* IOB = "TRUE" *) reg we_n;
always @(posedge clk)
  if (rst) we_n <= 1'b1;
  else     we_n <= (next_state != WRITE);
```

ఇక్కడ state కాకుండా next_state వాడటం ముఖ్యం. state ను వాడి రిజిస్టర్ చేస్తే we_n ఒక క్లాక్ ఆలస్యంగా, అంటే మెషీన్ HOLD లోకి వెళ్లాక దిగుతుంది. next_state ను వాడితే మెషీన్ WRITE లోకి అడుగుపెట్టే అంచు మీదే we_n కూడా దిగుతుంది, ఆలస్యం ఉండదు. IOB గుణం ఆ ఫ్లిప్‌ఫ్లాప్‌ను పిన్ను పక్కనే ఉండే గడిలో పెట్టమంటుంది, దాంతో ప్రతి బిల్డ్‌కూ పిన్ను దాకా ఆలస్యం దాదాపు ఒకేలా ఉంటుంది. ఆ గడిలోని ఫ్లిప్‌ఫ్లాప్ విలువను చిప్ లోపల ఇంకెక్కడా వాడకండి, వాడితే టూల్ దాన్ని అక్కడ పెట్టలేదు. ఏడీసీ స్టార్ట్ పిన్నుకూ ఇదే చేశాను. తర్వాత పైన చెప్పిన లెక్క కౌంటర్‌తో మూడు బిల్డ్‌లు నడిపాను, మూడింటిలోనూ రాతలు, రికార్డులు సమానంగా వచ్చాయి.

మీరు గమనించవలసినవి ఇంకా రెండున్నాయి. మొదటిది, మీరు కోడ్‌లో రాసిన ఎన్‌కోడింగే చిప్‌లో ఉంటుందని నమ్మకండి. వివాడో మీ స్టేట్ మెషీన్‌ను గుర్తుపడితే తనకు నచ్చిన ఎన్‌కోడింగ్‌కు మారుస్తుంది. మీరు శ్రమపడి గ్రే కోడ్‌లు రాసినా వన్-హాట్ రావచ్చు. సింథసిస్ లాగ్‌లో New Encoding, Previous Encoding అనే పట్టిక వెతకండి, దాని కిందే ఏది వాడిందో ఉంటుంది. మీ కోడ్‌లే ఉండాలంటే ఇలా చెప్పాలి:

```verilog
(* fsm_encoding = "user_encoding" *) reg [2:0] state;
```

"one_hot", "gray", "sequential" అని కూడా ఇవ్వవచ్చు. బైనరీకి అక్కడి పేరు sequential. నా తప్పుకు మూలం కూడా ఇదే: స్టేట్ నంబర్‌ను మూడు ఎల్‌ఈడీల మీద చూపించాలన్న ముచ్చటతో బైనరీని నేనే బిగించి కూర్చున్నాను. టూల్‌కు వదిలేసి ఉంటే బహుశా వన్-హాట్ వచ్చి గ్లిచ్ బయటపడేది కాదు, నేను ఆ తప్పుడు అలవాటుతోనే ఇంకొన్ని డిజైన్‌లు చేసి ఉండేవాడిని.

రెండోది, ఏడీసీ బిజీ లాంటి బయటి సిగ్నల్‌ను రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల సింక్రనైజర్ దాటించకుండా స్టేట్ మెషీన్‌కు ఇవ్వకండి. వన్-హాట్‌లో దీని దెబ్బ అన్నింటికన్నా గట్టిగా తగులుతుంది. WAIT లో ఉండగా బిజీ సరిగ్గా క్లాక్ అంచు దగ్గర దిగిందనుకోండి. WAIT ఫ్లిప్‌ఫ్లాప్ దాన్ని దిగినట్టుగా చూసి సున్నా అవుతుంది, READ ఫ్లిప్‌ఫ్లాప్ ఇంకా దిగనట్టుగా చూసి సున్నాగానే ఉండిపోతుంది. ఇప్పుడు 8 బిట్లూ సున్నా, ఏ స్టేట్‌లోనూ లేని మెషీన్ రీసెట్ నొక్కేదాకా కదలదు. బైనరీలో 010 నుంచి 011 కు, గ్రేలో 011 నుంచి 010 కు ఒకే బిట్ మారుతుంది కాబట్టి ఈ అడుగులో అలా జరగదు. గ్రే కోడ్‌కు నేను నిజంగా విలువిచ్చే చోటు కూడా ఇలాంటిదే: ఒక క్లాక్ నుంచి ఇంకో క్లాక్‌కు దాటించే ఫైఫో పాయింటర్లు. అక్కడ లెక్క ఒకటి చొప్పున పెరుగుతుంది తప్ప పక్కదారులు ఉండవు.

case లో default రాశాను కాబట్టి మెషీన్ తిరిగి IDLE కు వస్తుందనుకోవద్దు. 8 బిట్ల వన్-హాట్‌లో 256 కోడ్‌లకు 8 మాత్రమే చెల్లుతాయి, మిగతా 248 ఎప్పటికీ రావని టూల్ భావించి ఆ default ను తీసేస్తుంది. అది నిజంగా ఉండాలంటే fsm_safe_state గుణాన్ని విడిగా ఇవ్వాలి, దానికి కొంత అదనపు లాజిక్ పడుతుంది. మీ ప్రాజెక్టుకు సింక్రనైజర్ పెట్టి, బయటికి వెళ్లే పిన్నులన్నీ రిజిస్టర్ చేసి, లాగ్‌లో ఆ పట్టిక ఒకసారి చూసుకుంటే చాలు. ఆ తర్వాత కూడా మెషీన్ ఎక్కడైనా ఆగిపోతే మీ స్టేట్ డయాగ్రమ్, ఆ always బ్లాక్ ఇక్కడ పెట్టండి, చూస్తాను.